ఆరు గేదెలకు ఎండ తట్టుకునే తక్కువ ఖర్చు కొట్టం: వాలు, ఎత్తు, గాలి, మురుగు కొలతలతో సహా

పశువుల కొట్టం కట్టేటప్పుడు చాలామంది స్తంభాలతో మొదలుపెడతారు. తర్వాత కప్పు వేస్తారు, నేల చదును చేసి సిమెంటు పోస్తారు, చివర్లో ఉచ్చ, కడిగిన నీళ్లు ఎటు పోవాలా అని వెతుక్కుంటారు. అప్పటికి నేల మట్టం ఖాయమైపోయి ఉంటుంది, కాలువకు వాలు దొరకదు. అందుకే ఇక్కడ లెక్కను తిరగేసి చెబుతున్నాం. నీళ్లు చివరికి ఎక్కడ చేరాలో ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి అంగుళం అంగుళం లెక్క కట్టుకుంటూ వస్తే కొట్టం నేల ఎంత ఎత్తులో ఉండాలో దానంతట అదే తేలుతుంది.

ఉదాహరణకు పల్నాడు జిల్లా రెంటచింతల చుట్టుపక్కల ఊళ్లను తీసుకుందాం. ఎండాకాలం రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో అదొకటి. నేల చాలావరకు నల్లరేగడి. ఆరు ముర్రా గేదెలు, వాటి దూడలు ఉన్న రైతు ఒంటి వరుస కొట్టం కట్టుకోవాలంటే ఎలాగో చూద్దాం. నల్గొండ, ప్రకాశం, కర్నూలు లాంటి పొడి వేడి జిల్లాల్లోనూ ఇవే కొలతలు పనికొస్తాయి.

ముందు దిక్కు, తర్వాత పొడవు వెడల్పులు

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు మధ్యాహ్నపు నీడ కప్పు కిందే నిలుస్తుంది. రెంటచింతల దగ్గర మే మొదటి వారం దాటేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, జూన్‌లో కొద్దిగా ఉత్తరానికి కూడా జరుగుతాడు. రెండున్నర అడుగుల చూరు ఉంటే ఆ రెండు నెలలూ మధ్యాహ్నపు ఎండ అటు నుంచీ ఇటు నుంచీ లోపలికి రాదు.

పొడవు 32 అడుగులు. గేదెకు 4 అడుగుల చొప్పున ఆరింటికి 24, తూర్పు చివర దూడలకు 8. దూడల గది తూర్పున ఉంటే పొద్దుటి ఎండ వాటి మీద పడుతుంది, సాయంత్రపు ఎండ పడదు.

స్తంభానికీ స్తంభానికీ మధ్య వెడల్పు 14 అడుగులు. దాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి ఇలా పంచుకోండి. మేత గాడి రెండు పక్కల గోడలతో కలిపి 2 అడుగుల 9 అంగుళాలు. గేదె నిలబడి పడుకునే చోటు 6 అడుగులు. దాని వెనక ఉచ్చ కాలువ 1 అడుగు. ఆ వెనక పేడ ఎత్తడానికి, పాలు పితికే మనిషి తిరగడానికి బాట 4 అడుగులు. మిగిలిన 3 అంగుళాలు దక్షిణపు అంచు గట్టుకు పోతాయి. గాడి ముందు విడిగా నడవా అక్కర్లేదు. ఉత్తరపు చూరు కింద నీడలో నిలబడి బయటి నుంచే మేత వేయొచ్చు. ఆ ఒక్క నడవా మానేస్తే 3 అడుగుల వెడల్పు కప్పూ, నేలా ఖర్చు మిగులుతుంది.

గేదెల తల ఉత్తరానికి, తోక దక్షిణానికి ఉండాలని చెప్పడానికి కారణం చలికాలపు ఎండ. డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చూరు అంచు నేల నుంచి 9 అడుగుల ఎత్తులో, స్తంభాలకు రెండున్నర అడుగులు బయటికి ఉంటే ఆ ఎండ లోపలికి సరిగ్గా 5 అడుగులు వస్తుంది. అంటే వెనక బాట నాలుగు అడుగులూ, కాలువ ఒక అడుగూ ఎండ తగిలి ఆరతాయి. గేదె మాత్రం నీడలోనే ఉంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట ఎండ పడేలా కొట్టాన్ని తిప్పుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఒక మినహాయింపు ఉంది. కోస్తాలో గాలి తేమగా ఉండి, కొట్టం నేల మట్టిదే అయితే ఉత్తర దక్షిణాలుగా కట్టడమే కొందరికి మేలు. పొద్దున ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్క ఎండ పడి నేల ఆరుతుంది. పొడి ప్రాంతంలో, గట్టి నేల వేసేటప్పుడు ఆ అవసరం రాదు.

మట్టాల లెక్క: చివరి నుంచి మొదటికి

నీళ్లు ఎన్నో ముందు అంచనా వేసుకోండి. ఒక్కో గేదె రోజుకు పది పదిహేను లీటర్ల ఉచ్చ పోస్తుంది. కడగడానికి గేదెకు 50 లీటర్లు అనుకుంటే ఆరింటికీ అన్నీ కలిపి రోజుకు 400 లీటర్ల లోపు వస్తుంది. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు తేట తొట్టి ఒకటి కడితే అందులో 760 లీటర్లు పడతాయి. పేడ, గడ్డి అడుగున దిగి, పైన తేరిన నీళ్లు నేపియర్ గడ్డి సాళ్లకు పారతాయి.

ఇప్పుడు వెనక్కి లెక్క కడదాం. చుట్టూ ఉన్న నేలను సున్నా అనుకోండి. సాలులోకి నీళ్లు పారాలంటే తొట్టి బయటి తూము నేలకు 2 అంగుళాల పైనన్నా ఉండాలి. తొట్టిలోకి నీళ్లు వచ్చే తూము దానికన్నా 3 అంగుళాలు పైన, అంటే 5 దగ్గర. తొట్టి కొట్టానికి 20 అడుగుల దూరంలో ఉంది. ఆ మధ్య కాలువకు 50 అడుగులకు అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. 20 అడుగులకు 5 అంగుళాలు పడుతుంది. కాబట్టి కొట్టం పడమటి చివర, కాలువ బయటికి వచ్చే చోట అడుగు మట్టం 10 అంగుళాలు. కొట్టం లోపల 32 అడుగుల కాలువకు 100 అడుగులకు అడుగు వాలు చాలు, అంటే 4 అంగుళాలు. తూర్పు చివర కాలువ అడుగు 14 అంగుళాలకు వచ్చింది. అక్కడ కాలువ లోతు 2 అంగుళాలు, గేదె నిలబడే చోటి వాలు 2 అంగుళాల లోపు. అవి కలిపితే గాడి పక్కన నేల మట్టం 18 అంగుళాలు.

అంటే కొట్టం నేల చుట్టుపక్కల కన్నా అడుగున్నర ఎత్తులో ఉండాలి. "ఆరంగుళాలు లేపితే చాల్లే" అని మేస్త్రి అంటే ఈ లెక్క చూపించండి. ఆరంగుళాలే లేపితే కాలువ చివర భూమి లోపలికి పోతుంది, వానాకాలం బయటి నీళ్లు దాంట్లోంచి కొట్టంలోకి వస్తాయి. మీ స్థలం సహజంగానే ఒక పక్కకు వాలి ఉంటే తొట్టిని ఆ పక్కనే పెట్టండి. దాంతో లేపాల్సిన ఎత్తు తగ్గి గరుసు ఖర్చు మిగులుతుంది. మంచినీళ్ల బావి, బోరు ఉన్న వైపు మాత్రం తొట్టి వద్దు.

ఈ మట్టాలన్నీ గుర్తు పెట్టడానికి 40 అడుగుల సన్నని పారదర్శక గొట్టం, మేకులు, దారం ఉంటే చాలు. గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, నాలుగు మూలల స్తంభాల మీద ఒకే మట్టంలో గీత గీయండి. ఆ గీత నుంచి కిందికి టేపుతో కొలుచుకుంటూ ఒక్కో చోటు మట్టం మేకు మీద రంగుతో గుర్తు పెట్టండి. కంటి అంచనాతో వేసిన వాలు ఎక్కడో ఒకచోట తిరగబడుతుంది.

నల్లరేగడిలో పునాది, నేల

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీదే కాంక్రీటు పోస్తే రెండో ఏటికే నేల పగిలి వాలు పోతుంది. పై అడుగున్నర నల్లమట్టి తీసి పక్కన పొలంలో వేసుకోండి. ఆ గుంతతో సహా కావాల్సిన మట్టం వరకు గరుసుతో నింపాలి. ఒకేసారి పోయొద్దు. ఆరంగుళాల పొర పోయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పొర. పొర మీద మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు.

స్తంభాలు వరుసకు 5 చొప్పున, 8 అడుగుల ఎడంతో మొత్తం 10. మూడు అంగుళాల ఇనుప గొట్టాలు 6 మీటర్ల పొడవులో దొరుకుతాయి. నేల పైన 10 అడుగులు, లేపిన నేల అడుగున్నర, భూమిలో 3 అడుగులు కలిపి ఒక్కోదానికి 14 అడుగుల 6 అంగుళాలు కావాలి. మిగిలే 5 అడుగుల ముక్కలు పారేయకండి. దూడల గది కంచెకు, గాడి మీద అడ్డగొట్టానికి అవే సరిపోతాయి. సముద్రతీర మండలాల్లో సరుగుడు బాదులు చౌక. తాటి దూలాలు దొరికే ఊళ్లో అవీ వాడొచ్చు. గుంత 4 అడుగుల లోతు తవ్వి, అడుగున ఒక అడుగు గరుసు కుదించి, దాని మీద స్తంభం నిలబెట్టి కాంక్రీటు పోయండి.

స్తంభాల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు నేల మట్టం దగ్గర జరుగుతుంది. ఉచ్చ, కడిగిన నీళ్లు గొట్టం చుట్టూ నిలిచి సరిగ్గా నేలను తాకే చోటే తుప్పు మొదలవుతుంది. పైన గొట్టం కొత్తగానే కనిపిస్తుంది, గోరుతో గీకితే కింద పెచ్చులు రాలతాయి. కర్ర అయితే అక్కడే పుచ్చుతుంది. దీనికి మందు ఒక్కటే. నేల పైన అడుగు ఎత్తు వరకు స్తంభం చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, దిమ్మె పై అంచును బయటికి వాలుగా తీయాలి. కాంక్రీటు లోపలికి పోయే భాగానికి ముందే రెండు పూతలు తారు పూయండి.

ఇక నేల. కుదించిన గరుసు మీద 3 అంగుళాలు పెద్ద కంకర పరిచి, దాని మీద 4 అంగుళాల కాంక్రీటు. పాళ్లు 1:2:4, అంటే సిమెంటు ఒక వంతు, ఇసుక రెండు, కంకర నాలుగు. నిలబడే చోటు, కాలువ, బాట కలిపి 11 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు. దీనికి 21 లేదా 22 బస్తాల సిమెంటు, 52 ఘనపుటడుగుల ఇసుక, 105 ఘనపుటడుగుల కంకర పడతాయి. ఖర్చు ఇంకా తగ్గించాలంటే బాట వరకు మాచర్ల వైపు దొరికే నాపరాళ్లు గరుకు వైపు పైకి పెట్టి పరవొచ్చు. గేదె పడుకునే చోట రాళ్లు వద్దు. సందుల్లోకి ఉచ్చ దిగి రాయి కదులుతుంది, కదిలిన రాయి కింద ఈగలు గుడ్లు పెడతాయి.

వాలు ఎంత అన్నదే ఇక్కడ అసలు సంగతి. గాడి నుంచి కాలువ వైపు 40 అడుగులకు ఒక అడుగు. నిలబడే చోటు 6 అడుగులు కాబట్టి ఆ లెక్కన 1¾ అంగుళాలు. అంతకన్నా తగ్గితే ఉచ్చ నిలుస్తుంది, పొదుగు తడిలో నాని పొదుగువాపు వస్తుంది. "నీళ్లు జర్రున పోతాయి కదా" అని నాలుగైదు అంగుళాలు ఇచ్చినా తప్పే. గేదె ఎప్పుడూ వెనక కాళ్ల మీద బరువు వేసుకుని నిలబడాల్సి వస్తుంది. నిండు చూలు గేదెకు పడుకున్నప్పుడు కడుపు బరువంతా వెనక్కి నెట్టి మెయ్య దిగే ప్రమాదం పెరుగుతుంది. వెనక బాటను కూడా కాలువ వైపే, 4 అడుగులకు ఒకటింబావు అంగుళం వాల్చండి.

పొడవు వాలులో చాలామంది మేస్త్రులకు తట్టని చిక్కు ఒకటుంది. కాలువ అడుగు తూర్పు నుంచి పడమరకు 4 అంగుళాలు దిగుతుంది కదా. నేల మాత్రం పొడవునా ఒకే మట్టంలో ఉంటే 2 అంగుళాల లోతుతో మొదలైన కాలువ చివరికి 6 అంగుళాలు అవుతుంది. గేదె వెనక్కి అడుగేసినప్పుడు ఆ లోతులో గిట్ట పడి చీలమండ మెలిక పడుతుంది. పార కూడా అడుగుదాకా ఆనదు. అందుకని నేలను కూడా తూర్పు నుంచి పడమరకు 2 అంగుళాలు దించండి. 32 అడుగుల మీద రెండంగుళాల తేడా గేదెకు తెలియదు. కాలువ లోతు మాత్రం 2 దగ్గర మొదలై 4 దగ్గర ఆగుతుంది. కాలువ అడుగు మూలలు లేకుండా గిన్నెలా గుండ్రంగా తీయించండి. మీ పార వెడల్పు ముందే కొలిచి, అది ఆనేలా చేయించుకోవడం మంచిది.

పై పూత దగ్గర మేస్త్రి పక్కనే ఉండండి. ఇంటి వరండా అలవాటుతో సిమెంటు పాలు పోసి నున్నగా తీసేస్తారు. అది గేదెలకు జారుడుబండ. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే గరుకు చెక్కతో తట్టి, 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను 4 అంగుళాల ఎడంతో ఐమూలగా అదిమి గీతలు వేయాలి. తర్వాత ఎదురు ఐమూలగా మళ్లీ అదమాలి. గీత లోతు అరంగుళం లోపే ఉండాలి. లోతుగా అదిమితే పేడ ఇరుక్కుని చీపురుకు రాదు. పొడవునా 8 అడుగులకు ఒకచోట సందు వదిలి తారుతో నింపితే ఎండకు పగుళ్లు రావు. 10 రోజులు గోనె పట్టాలు కప్పి తడపండి. మూడు వారాలయ్యే వరకు గేదెలను ఎక్కించొద్దు.

మేత గాడి గురించి రెండు ముక్కలు చాలు. లోపలి వెడల్పు 2 అడుగులు, గేదె వైపు గోడ 1 అడుగు 9 అంగుళాలు, బయటి గోడ రెండున్నర అడుగులు. గాడి అడుగు గేదె కాళ్ల మట్టం కన్నా ఆరంగుళాలు ఎత్తులో ఉంటే మెడ చాచి అవస్థ పడదు. అడుగున నాపరాయి పరిచి మూలలు గుండ్రంగా తీస్తే దాణా పులియదు. పలుపు కట్టే రింగులు గాడి గోడలో 4 అడుగులకు ఒకటి బిగించండి.

కప్పు ఎత్తు, వెన్ను సందు

కప్పు తక్కువ ఎత్తులో ఉంటే కాలిన రేకు వేడి నేరుగా గేదె వీపు మీదికి దిగుతుంది. గేదె చర్మం నల్లన, చెమట గ్రంథులు తక్కువ. ఆవు కన్నా దానికి ఈ వేడి త్వరగా తగులుతుంది. స్తంభాల నెత్తి నేల నుంచి 10 అడుగులు, వెన్ను 13 అడుగులు పెట్టుకోండి. 7 అడుగుల అడ్డానికి 3 అడుగుల లేవడం రేకులకు సరిపోయే వాలు. తాటాకు, రెల్లు గడ్డి కప్పు వేసేవాళ్లు ఇంకా నిటారుగా, 7 అడుగులకు 5 అడుగుల వరకు లేపాలి. లేకపోతే వాననీరు జారక ఆకు కుళ్లుతుంది. చల్లదనంలో తాటాకును మించింది లేదు గానీ కొన్నేళ్లకోసారి మళ్లీ కప్పాలి, నిప్పు భయం ఉంది. కప్పే మనుషులు దొరికే ఊరైతేనే ఆ దారి పట్టండి.

మన ఉదాహరణలో 3 మీటర్ల సిమెంటు రేకులు వాడుతున్నాం. రెండు కొసల్లోనూ స్తంభాలకు అడుగున్నర బయటికి వచ్చేలా మొత్తం పొడవు 35 అడుగులు. ఒకదాని మీద ఒకటి ఎక్కింపు పోగా రేకుకు దాదాపు మీటరు వెడల్పు మిగులుతుంది. పక్కకు 11 చొప్పున 22 రేకులు. చూరు స్తంభాలకు రెండున్నర అడుగులు బయటికి వచ్చేలా రేకు పెడితే, పైన రెండు వాలుల మధ్య దాదాపు 11 అంగుళాల సందు మిగులుతుంది. దీన్ని మూయించకండి. వేడిగాలి పైకి లేచి పోవడానికి దారి అదే. 10 అడుగుల వెడల్పుకు కనీసం 2 అంగుళాల సందు ఉండాలని ఒక పద్ధతి. వేడి ప్రాంతంలో ఎంత ఎక్కువుంటే అంత మంచిది. వాన పడకుండా సందు మీద అడుగు ఎత్తున, రెండు పక్కలా అడుగు అడుగు దాటేలా చిన్న టోపీ కప్పు వేయండి. గాలివానకు కాస్త జల్లు లోపల పడినా అది ఒక పూటలో ఆరిపోతుంది. సందు మూస్తే వచ్చే ఉక్క ఎండాకాలమంతా ఉంటుంది.

రేకు కింద పక్కకు మూడు అడ్డదూలాలు కావాలి. వెన్ను దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చూరుకు అడుగు లోపల ఒకటి. ఎడం నాలుగున్నర అడుగులు దాటకూడదు. చివరి దూలం స్తంభం మీదే ఆపేసి రేకును రెండున్నర అడుగులు వేలాడదీస్తే మే నెల గాలిదుమారానికి అంచులు విరుగుతాయి. వాసాలనే బయటికి సాగదీసి వాటి మీద చివరి దూలం వేయాలి. రేకుకు బెజ్జం ఉబ్బు మీద డ్రిల్లుతో వేయండి, పల్లంలో వేస్తే కారుతుంది, మేకుతో కొడితే చీలుతుంది. చాలా సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కోయాల్సిన పని రాకుండా కొలత పెట్టుకున్నది అందుకే. బెజ్జం వేసేటప్పుడు తడిపి వేయండి, దుమ్ము ఆపే మాస్కు పెట్టుకోండి.

రేకు వేడి తగ్గించే పనులు రెండు. మాఘం దాటాక పిడుగురాళ్ల సున్నం చిక్కగా కలిపి, జిగురు వేసి, రేకుల మీద రెండు పూతలు వేయండి. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి. ఇనుప రేకులైతే సున్నం వద్దు, అది జింకు పూతను తింటుంది. వాటికి తెల్ల పెయింటే వేయాలి. రెండోది రేకు కింద ఆరంగుళాల ఎడం వదిలి తాటాకు తడికలో, వెదురు తడికలో వేలాడదీయడం. తడిక రేకుకు అంటుకుంటే లాభం సగం పోతుంది. మధ్యలో గాలి ఆడాలి, ఆ గాలి వెన్ను సందులోంచి బయటికి పోవాలి. పని చేస్తోందో లేదో చేతికే తెలుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు కొట్టంలో నిలబడి అరచెయ్యి కప్పు వైపు తిప్పి తల మీదికి ఎత్తండి. పొయ్యి ముందు పెట్టినట్టు సెగ తగిలితే తడికో సున్నమో చాల్లేదని అర్థం.

గోడలు ఎందుకు వద్దు

దొంగల భయంతోనో, చూడ్డానికి బాగుంటుందనో చుట్టూ ఐదు అడుగుల గోడ కట్టేస్తారు. గేదె పడుకున్నప్పుడు దాని ముక్కు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటుంది. గోడ పైనుంచి పోయే గాలి మన ముఖానికి తగులుతుంది గానీ దానికి తగలదు. దక్షిణం పూర్తిగా తెరిచి ఉంచండి. ఉత్తరాన గాడి గోడ తప్ప ఇంకేమీ వద్దు. భయం ఉంటే ఇనుప వల బిగించండి, గోడ ఖర్చులో చాలా తక్కువకే అవుతుంది.

పడమర మాత్రం వేరు. మే నెలలో సాయంత్రం 4 గంటలకు ఎండ పడమటి కొస నుంచి 12 అడుగులకు పైగా లోపలికి వస్తుంది. అంటే మూడు గేదెలు ఎండలో ఉన్నట్టే. వడగాలి కూడా ఎక్కువగా అటు నుంచే. అక్కడ నేల నుంచి 8 అడుగుల వరకు తాటాకు తడిక కట్టి, పైన కప్పు వరకు ఖాళీ వదలండి. తడిక తాళ్లతో కట్టాలి, మేకులు కొట్టొద్దు. తొలకరి పడగానే విప్పేయాలి, వానాకాలం ఆ గాలే కొట్టాన్ని ఆరబెడుతుంది. 15 అడుగుల దూరంలో రెండు వేపలో కానుగలో నాటితే నాలుగైదేళ్లకు తడిక పని చెట్టే చేస్తుంది. కాలువ నీళ్లు అటే పోతాయి కాబట్టి విడిగా తడి పెట్టక్కర్లేదు. గడ్డివామి మాత్రం పడమట వేయొద్దు. నిప్పు రవ్వ లేస్తే గాలి దాన్ని నేరుగా కొట్టం మీదికి తెస్తుంది.

మధ్యాహ్నం 11 నుంచి 4 వరకు గంటకోసారి గేదెల మీద నీళ్లు చల్లి, ఫ్యాను గాలి తగలనిస్తే పొడి ప్రాంతంలో ఒళ్లు బాగా చల్లబడుతుంది. నీళ్లు ఒంటిమీద ఆరిపోతేనే చలవ. తేమ ఎక్కువుండే కోస్తాలో ఫ్యాను లేకుండా ఊరికే తుంపర పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఎండాకాలం రాత్రుళ్లు కొట్టంలో కట్టేయకండి. దక్షిణం వైపు 500 చదరపు అడుగుల ఖాళీ దొడ్డి ఉంటే ఆరూ అక్కడే పడుకుంటాయి.

కాలువ కొట్టం దాటాక

కొట్టం బయట 20 అడుగులూ తెరిచిన కాలువే మేలు. గొట్టం వేస్తే శుభ్రంగా కనిపిస్తుంది గానీ వరిగడ్డి, పేడ కలిసి లోపల బిరడాలా బిగుస్తాయి, తవ్వితే తప్ప తెలియదు. దారిలో బండి దాటే చోట ఒక్కటే గొట్టం వేయాల్సి వస్తే 6 అంగుళాలది వేసి, ముందు ఇనుప జల్లి పెట్టండి. పేడను కాలువలోకి కడిగేయడం అలవాటు చేసుకోవద్దు. ముందు పారతో ఎత్తి ఎరువు గుంతలో వేశాకే నీళ్లు పోయాలి. తొట్టి మడ్డిని పదిహేను రోజులకోసారి తోడి అదే గుంతలో పోయండి. తొట్టి మీద రాతి పలక మూత తప్పనిసరి, దూడలూ పిల్లలూ అటు తిరుగుతారు.

చూరు నీళ్లు ఉచ్చ కాలువలో కలవకూడదు. 35 అడుగుల పొడవు, 19 అడుగుల వెడల్పు కప్పు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 3 వేల లీటర్లు దిగుతాయి. తొట్టి ఒక్క వానకే పొంగి మడ్డంతా పొలం మీద పడుతుంది. చూరు నీళ్లు పడే గీత మీద, అంటే స్తంభాలకు రెండున్నర అడుగుల బయట, రెండు పక్కలా లోతు తక్కువున్న వేరే కాలువ తవ్వి వాటిని ఇంకో వైపుకు మళ్లించండి.

గేదెలను తోలే ముందు

తడుపు అయిపోయాక తూర్పు చివర, గాడి పక్కన ఒక బిందె నీళ్లు ఒలకబోయండి. నీళ్లు నేరుగా కాలువలోకి దిగి, పడమటి తూము దాకా ఆగకుండా పోవాలి. పావుగంట తర్వాత చూస్తే రూపాయి బిళ్ల లోతు మించిన మడుగు ఎక్కడా ఉండకూడదు. ఉంటే సుద్దతో దాని చుట్టూ గీసి, ఆ భాగం చెక్కి మళ్లీ పూయించండి. గేదెలు ఎక్కాక ఈ పని ఇంక కుదరదు.

ఒక నెల గడిచాక తెల్లవారుజామున ఐదింటికి, కడగకముందు, గేదెల మధ్య గొంతుక్కూర్చుని చూడండి. కళ్లు మండితే కింద గాలి ఆడట్లేదని గానీ, కాలువలో ఉచ్చ నిలుస్తోందని గానీ అర్థం. వెన్ను దగ్గర సాలెగూళ్లు దట్టంగా వేలాడుతుంటే పైన గాలి కదలట్లేదు. గేదెలు పడుకోకుండా వెనక కాళ్లు కాలువలో పెట్టి నిలబడుతుంటే నిలబడే చోటు పొట్టిగా ఉందని గానీ, పలుపు మరీ చిన్నదని గానీ చూసుకోవాలి. మొదటి పెద్ద వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఒకసారి చుట్టూ తిరిగి రండి. చూరు నీళ్లు కాలువ గీత మీదే పడుతున్నాయో, గాలికి స్తంభం దిమ్మెల మీదికి కొడుతున్నాయో ఆ పది నిమిషాల్లోనే కనిపిస్తుంది.